నొక్కింది ఒక్కసారే, లెక్కలో మాత్రం ఐదు

పాలిటెక్నిక్‌లోనో ఇంజనీరింగ్ కాలేజీలోనో డిజిటల్ ల్యాబ్ చేసినవాళ్లకు ఈ తంటా తెలిసే ఉంటుంది. 7490 అనే కౌంటర్ ఐసీని బ్రెడ్‌బోర్డ్ మీద గుచ్చి, దాని అవుట్‌పుట్లను అంకె చూపే డిస్‌ప్లేకి కలిపి, క్లాక్ పిన్నుకు ఒక మామూలు పుష్‌బటన్ తగిలిస్తారు. నొక్కగానే సున్నా పోయి ఒకటి రావాలి. రాదు. మూడు వస్తుంది, లేదా ఐదు వస్తుంది. మళ్లీ నొక్కితే ఏడు. ఆ తర్వాత ఒకసారి బుద్ధిగా ఒక్కటే పెరుగుతుంది. వైర్లు పీకి మళ్లీ గుచ్చినా, ఐసీ మార్చినా వరస మారదు.

నిజానికి కౌంటర్ లెక్క తప్పడం లేదు. దాని పిన్ను దగ్గరికి ఎన్ని పల్సులు వచ్చాయో అన్నీ నిక్కచ్చిగా లెక్కపెడుతోంది. ఒక్కసారి నొక్కినప్పుడు బటన్ ఒక్క పల్స్ ఇవ్వడం లేదు, చిక్కంతా అక్కడే. దీనికి ఉన్న పాత మందుల్లో అన్నిటికంటే శుభ్రమైనది ఎస్‌ఆర్ లాచ్. రెండు గేట్లు, రెండు రెసిస్టర్లు ఉంటే తయారైపోతుంది. అది అదనపు పల్సులను ఎలా మాయం చేస్తుందో తెలియాలంటే ముందు ఆ పల్సులు ఎక్కడ పుడుతున్నాయో చూడాలి.

రేకు కొట్టుకునే కాలం

స్విచ్ లోపల ఉండేది స్ప్రింగులా వంగే ఒక లోహపు రేకు. మనం నొక్కినప్పుడు ఆ రేకు కదిలి, ఎదురుగా కదలకుండా ఉన్న ఇంకో లోహపు ముక్కను కొడుతుంది. రెండూ గట్టివే. రేకుకు ఉన్న వేగం ఆ దెబ్బతో ఒక్కసారిగా చచ్చిపోదు. రేకు వెనక్కి ఎగురుతుంది, స్ప్రింగు బలం దాన్ని మళ్లీ ముందుకు తోస్తుంది, మళ్లీ తగులుతుంది, మళ్లీ ఎగురుతుంది. ప్రతిసారీ కొంత శక్తి పోతూ పోతూ చివరికి నిలకడగా ఆనుకుంటుంది. దీన్నే కాంటాక్ట్ బౌన్స్ అంటారు. చాలా స్విచ్‌లలో ఈ కొట్టుకోవడం ఒకటి నుంచి పది మిల్లీసెకన్లలోపు ముగుస్తుంది. అరిగిపోయిన స్విచ్‌లూ, నాసిరకంవీ ఇంకా ఎక్కువసేపు తీసుకుంటాయి. వేలు తీసేటప్పుడు కూడా ఇదే జరుగుతుంది. రేకు విడిపోతున్నప్పుడు తడబడుతుంది, వెనక్కి వెళ్లి కొట్టుకున్నచోట మళ్లీ ఎగురుతుంది.

ఇంట్లో లైటు స్విచ్ కూడా ఇలాగే కొట్టుకుంటుంది. ఆ కొద్ది మిల్లీసెకన్ల మిణుకును మన కన్ను పట్టుకోలేదు కాబట్టి ఎవరికీ పట్టదు. కౌంటర్ సంగతి వేరు. 7490 లాంటి ఐసీ సెకనుకు కోటికి పైగా పల్సులను లెక్కపెట్టగలదు. రేకు ఒక మిల్లీసెకనులో పదోవంతు సేపు విడిపోయి తగిలినా, దాని దృష్టిలో అది తీరిగ్గా వచ్చిన పూర్తి పల్స్. క్లాక్ పిన్ను దగ్గర వోల్టేజీ పైనుంచి కిందికి పడిన ప్రతిసారీ ఈ ఐసీ ఒక అంకె ముందుకు జరుగుతుంది. రేకు ఐదుసార్లు తగిలితే వోల్టేజీ ఐదుసార్లు పడుతుంది, లెక్క ఐదు పెరుగుతుంది.

అందుకే ఈ జబ్బును ఎల్‌ఈడీతో పరీక్షిస్తే మోసపోతాం. బటన్‌కు ఎల్‌ఈడీ తగిలించి నొక్కితే చక్కగా ఒక్కసారే వెలిగినట్టు కనిపిస్తుంది, స్విచ్ బాగానే ఉందనుకుంటాం. నిజం తేలాలంటే కౌంటర్ కావాలి, లేదా ఆసిలోస్కోప్ కావాలి. ఆసిలోస్కోప్‌ను ఒక గడికి ఒక మిల్లీసెకను చొప్పున పెట్టి, ఒక్కసారి మాత్రమే పట్టుకునే సింగిల్ మోడ్‌లో ఉంచి బటన్ నొక్కితే, దువ్వెన పళ్లలా వరసగా నిలబడిన పల్సులు తెర మీద దొరుకుతాయి. నొక్కిన ప్రతిసారీ వాటి సంఖ్య మారుతుంది.

మూడు కాళ్ల స్విచ్

లాచ్ మందు పనిచెయ్యాలంటే మామూలు రెండు కాళ్ల బటన్ చాలదు. మూడు కాళ్ల స్విచ్ కావాలి. ఎలక్ట్రానిక్స్ షాపులో మైక్రోస్విచ్ అని అడిగితే ఇచ్చేది సాధారణంగా ఇదే. మధ్యలో కదిలే రేకుకు కలిసిన కాలు కామన్. బటన్ ముట్టుకోనప్పుడు రేకు ఆనుకుని ఉండే కాలు ఎన్‌సీ. నొక్కినప్పుడు రేకు వెళ్లి తగిలే కాలు ఎన్‌ఓ.

ఈ స్విచ్‌లో గమనించవలసిన విషయం ఒకటే. రేకు ఎన్‌సీని పూర్తిగా వదిలిన తర్వాతే ఎన్‌ఓను తాకుతుంది. రెండింటి మధ్యా ఒక ఖాళీ ఉంది, ఆ ఖాళీలో రేకు దేన్నీ తాకకుండా గాలిలో ప్రయాణిస్తుంది. అంటే రేకుకు మూడు స్థితులు: ఎన్‌సీ మీద ఉండటం, గాలిలో ఉండటం, ఎన్‌ఓ మీద ఉండటం. ఎన్‌ఓను కొట్టి వెనక్కి ఎగిరినప్పుడు అది కొద్ది దూరమే వెళుతుంది. వేలు ఇంకా బటన్‌ను నొక్కి పట్టే ఉంది కాబట్టి ఖాళీ అంతా దాటి ఎన్‌సీ దాకా పోలేదు. కొట్టుకోవడమంతా ఎన్‌ఓకూ గాలికీ మధ్యనే. వేలు తీసేటప్పుడు ఆ ఆట ఎన్‌సీకీ గాలికీ మధ్యకు మారుతుంది. లాచ్ పనంతా ఈ ఒక్క వాస్తవం మీదే నిలబడి ఉంది.

రెండు గేట్లు ఒకదాన్నొకటి పట్టుకుంటే

ఇక లాచ్ దగ్గరికి వద్దాం. 74ఎల్‌ఎస్00 అనే పద్నాలుగు కాళ్ల ఐసీలో నాలుగు నాండ్ గేట్లు ఉంటాయి. నాండ్ గేట్ సూత్రం చిన్నది: రెండు ఇన్‌పుట్లలో ఏ ఒక్కటి సున్నా అయినా అవుట్‌పుట్ ఒకటి, రెండూ ఒకటి అయితేనే అవుట్‌పుట్ సున్నా. ఇక్కడ ఒకటి అంటే ఐదు వోల్టుల వైపు, సున్నా అంటే గ్రౌండ్ వైపు.

మనకు రెండు గేట్లు చాలు. మొదటి గేట్‌కు 1, 2 పిన్నులు ఇన్‌పుట్లు, 3 అవుట్‌పుట్. రెండో గేట్‌కు 4, 5 ఇన్‌పుట్లు, 6 అవుట్‌పుట్. మొదటి గేట్ అవుట్‌పుట్ అయిన 3ను రెండో గేట్‌లోని 4కు కలపాలి. రెండో గేట్ అవుట్‌పుట్ అయిన 6ను మొదటి గేట్‌లోని 2కు కలపాలి. ఇలా ఎవరి మాట ఎదుటివాళ్ల చెవిలో పడేట్టు అడ్డంగా కలిపిన జంటే ఎస్‌ఆర్ లాచ్. మిగిలిన 1, 5 పిన్నులు బయటి ప్రపంచానికి. ఎన్‌సీని 1కి, ఎన్‌ఓను 5కు కలిపి, కామన్‌ను గ్రౌండ్ చెయ్యాలి. 1 నుంచి ఒక కిలో ఓమ్ రెసిస్టర్, 5 నుంచి ఇంకొకటి ఐదు వోల్టులకు కట్టాలి. రేకు తాకని పిన్ను ఈ రెసిస్టర్ వల్ల ఒకటిగా నిలబడుతుంది, రేకు తాకిన పిన్ను గ్రౌండ్‌కు పడి సున్నా అవుతుంది. ఐసీకి 14వ పిన్ను ఐదు వోల్టులు, 7వది గ్రౌండ్. లాచ్ ఫలితం కౌంటర్‌కు అందాలి కాబట్టి 3వ పిన్నును 7490 క్లాక్‌కు, అంటే దాని 14వ పిన్నుకు కలుపుదాం.

ఇప్పుడు బటన్ ముట్టుకోలేదు. రేకు ఎన్‌సీ మీద ఉంది, కాబట్టి 1 సున్నా. నాండ్ సూత్రం ప్రకారం 3 ఒకటి. అది 4కు చేరింది, 5 ఎలాగూ రెసిస్టర్ వల్ల ఒకటి, రెండూ ఒకటే కాబట్టి 6 సున్నా. ఆ సున్నా 2కు తిరిగి వచ్చింది. అంతా నిలకడగా ఉంది. కరెంటు ఇవ్వగానే స్విచ్ ఇలా ఒక పక్కన ఆనుకుని ఉంటుంది కాబట్టి లాచ్ ఏ స్థితిలో మొదలవుతుందోనన్న బెంగ కూడా లేదు.

ఒక నొక్కు, మిల్లీసెకన్ల వారీగా

బటన్ నొక్కడం మొదలైంది. లెక్క సులువు కోసం రేకు ఎన్‌సీని వదిలిన క్షణాన్ని సున్నా అనుకుందాం. 1వ పిన్ను ఒకటిగా మారింది. అయినా 3 కదలలేదు, ఎందుకంటే అదే గేట్‌కు రెండో ఇన్‌పుట్ అయిన 2వ పిన్ను మీద ఇంకా సున్నా కూర్చుని ఉంది. ఒక్క సున్నా ఉన్నా అవుట్‌పుట్ ఒకటేగా. రేకు వదిలేటప్పుడు ఎన్‌సీ మీద నాలుగైదుసార్లు గీసుకున్నా 1వ పిన్ను ఎగిరి పడుతుందే తప్ప 3 చలించదు.

రేకు గాలిలో ఉంది. బయటి పిన్నులు రెండూ ఒకటి. లాచ్‌కు బయటినుంచి ఆజ్ఞ ఏదీ లేదు. కానీ లోపల రెండు గేట్లూ ఒకదాన్నొకటి పాత స్థితిలోనే పట్టుకుని ఉన్నాయి. దీన్ని హోల్డ్ అంటారు, అంటే ఉన్నది ఉన్నట్టే ఉంచడం.

మూడో మిల్లీసెకనులో రేకు మొదటిసారి ఎన్‌ఓను కొట్టింది. 5 సున్నా అయింది. వెంటనే 6 ఒకటి అయింది. అది 2కు చేరింది. ఇప్పుడు 1, 2 రెండూ ఒకటే కాబట్టి 3 సున్నాకు పడింది. ఆ సున్నా 4కు చేరి, 6ను ఒకటిగా బిగించింది. ఇదంతా జరగడానికి ఒక్కో గేట్‌కు సుమారు పది నానోసెకన్లు, రెంటికీ కలిపి ఇరవై. మైక్రోసెకనులో యాభైవ వంతు. రేకు మొదటి స్పర్శ ఎంత చిన్నదైనా దీనికంటే ఎంతో పొడుగు. 3వ పిన్ను పైనుంచి కిందికి పడింది కదా, కౌంటర్ ఒక అంకె ముందుకు జరిగింది.

3.2 మిల్లీసెకన్ల దగ్గర రేకు వెనక్కి ఎగిరింది. 5 మళ్లీ ఒకటి అయింది. మామూలు బటన్ అయితే ఇక్కడే రెండో పల్స్‌కు రంగం సిద్ధమయ్యేది. ఇక్కడ మాత్రం రెండో గేట్‌కు 4వ పిన్ను మీద సున్నా ఉంది. 5 ఎటు మారినా 6 ఒకటిగానే ఉంటుంది. కాబట్టి 3 సున్నాగానే ఉంటుంది. 3.5 దగ్గర రేకు మళ్లీ తగిలింది, 5 సున్నా అయింది. లాచ్‌కు అందిన ఆజ్ఞ ఏమిటి? ఇప్పటికే ఉన్న స్థితికి మారమని. మారడానికి ఏమీ లేదు. 3.6 దగ్గర ఎగిరింది, 3.9 దగ్గర తగిలింది, అయిదో మిల్లీసెకనుకు కుదురుకుంది. ఈ మధ్యలో 5వ పిన్ను ఎన్నిసార్లు ఊగిందో అన్నిసార్లూ ఆసిలోస్కోప్ చూపిస్తుంది, కానీ 3వ పిన్ను మీద ఒక్క నిట్టనిలువు గీత తప్ప ఇంకేమీ ఉండదు.

వేలు తీశాక ఇదే కథ తిరగబడుతుంది. రేకు ఎన్‌ఓను వదిలేటప్పుడు తడబడినా లాచ్ మారదు. గాలిలో ఉన్నంతసేపు మారదు. ఎన్‌సీని మొదటిసారి తాకగానే 1 సున్నా అయి 3 పైకి లేస్తుంది, ఆ తర్వాత ఎన్‌సీ మీద కొట్టుకునేదంతా వృథా. 7490 పైనుంచి కిందికి పడే అంచునే లెక్కిస్తుంది కాబట్టి ఈ లేవడాన్ని పట్టించుకోదు. నొక్కినప్పుడు కాకుండా వదిలినప్పుడు లెక్క పెరగాలంటే 3కు బదులు 6వ పిన్నును కౌంటర్‌కు ఇస్తే సరి.

మాయమైంది పల్సులా, అడిగే ప్రశ్నా?

లాచ్ పల్సులను వడపోయడం లేదు. కొంతసేపు ఆగి చూడటం లేదు. సగటు తీయడం లేదు. ఎన్నిసార్లు తగిలింది అన్న ప్రశ్ననే అది అడగదు. చివరిగా తగిలింది ఏ పక్క అన్నది ఒక్కటే దానికి కావాలి. వీధి క్రికెట్‌లో పరుగు లెక్కపెట్టడం ఇలాంటిదే. బ్యాట్స్‌మన్ అవతలి గీత దగ్గరికి చేరి బ్యాటును నేల మీద ఒకసారి పెట్టినా, కంగారులో పదిసార్లు కొట్టినా ఒక్క పరుగే. పిచ్ మధ్యలో తచ్చాడితే పరుగు రాదు, పోదు. రెండో పరుగు కావాలంటే ఇవతలి గీతను వచ్చి తాకాల్సిందే. రేకు కూడా ఎన్‌ఓ దగ్గర ఎంత కొట్టుకున్నా, ఎన్‌సీని తాకి వచ్చేదాకా రెండో పల్స్ పుట్టదు.

ఇందులో రెండు భాగాల ఒప్పందం ఉంది. గాలిలో ఉన్నంతసేపు పాత స్థితిని గుర్తుంచుకునే పని లాచ్‌ది. కొట్టుకునేటప్పుడు ఎదుటి పక్కను తాకకుండా ఉండే పూచీ స్విచ్‌ది. రెంటిలో ఏది తప్పినా పని చెడుతుంది. రెండు కాళ్ల బటన్‌కు ఈ మందు ఎందుకు పనికిరాదో ఇప్పుడు తేలిగ్గా అర్థమవుతుంది. దానికి ఉన్నవి తాకడం, తాకకపోవడం అనే రెండు స్థితులే. తాకకపోవడం అంటే వేలు తీసేశారనా, రేకు ఎగిరిందనా? ఆ తీగ మీద రెండూ ఒకేలా కనిపిస్తాయి. విడదీసి చెప్పే మూడో తీగ లేదు.

తరగతిలో ఎస్‌ఆర్ లాచ్ చెప్పేటప్పుడు నిషిద్ధ స్థితి అని ఒకటి చెబుతారు. నాండ్ లాచ్‌కు బయటి పిన్నులు రెండూ ఒకేసారి సున్నా అయితే అవుట్‌పుట్లు రెండూ ఒకటి అవుతాయి. ఆ తర్వాత రెండూ ఒకేసారి వదిలితే లాచ్ ఎటు పడుతుందో చెప్పలేం. విద్యార్థులు భయపడే ఆ స్థితి ఇక్కడ రానే రాదు. అది రావాలంటే ఒక్క రేకు ఎన్‌సీని, ఎన్‌ఓను ఒకేసారి తాకాలి. మధ్యలో ఖాళీ ఉన్నంతకాలం అది జరగదు.

ఎక్కడ తప్పుతుంది

ఒకదాన్ని వదలకముందే ఇంకోదాన్ని తాకే రకం స్విచ్‌లూ ఉంటాయి. కొన్ని రోటరీ స్విచ్‌లు ఇలా చేస్తారు. అవి ఈ పనికి రావు, పైన చెప్పిన నిషిద్ధ స్థితిని అవే తెచ్చిపెడతాయి. కొనేటప్పుడు మల్టీమీటర్ బీప్ మోడ్‌లో పెట్టి, ఎన్‌సీ, ఎన్‌ఓ కాళ్ల మధ్య ప్రోబులు ఆనించి బటన్‌ను మెల్లగా నొక్కి చూడండి. ప్రయాణంలో ఎక్కడ బీప్ వినిపించినా రేకు రెంటినీ కలుపుతోందన్నమాట. స్ప్రింగు సడలిపోయి, రేకు ఖాళీ అంతా దాటి వెనక్కి కొట్టుకునేంతగా పాడైన స్విచ్ కూడా లాచ్‌ను ఓడిస్తుంది. అప్పుడు లెక్క మళ్లీ అప్పుడప్పుడు రెండేసి పెరుగుతుంది.

రెసిస్టర్లు మర్చిపోవడం ఇంకో సాధారణమైన తప్పు. 74ఎల్‌ఎస్ ఐసీల్లో ఖాళీగా వదిలిన ఇన్‌పుట్ ఒకటిలా ప్రవర్తిస్తుంది కాబట్టి రెసిస్టర్లు లేకపోయినా బల్ల మీద పనిచేసినట్టే కనిపిస్తుంది. పక్కన మోటారో రిలేనో ఆన్ అయితే ఆ పిన్ను చుట్టూ ఉన్న గోలను పట్టుకుని లాచ్ తనంతట తాను తిరగబడుతుంది. 4011 లాంటి సీమాస్ ఐసీతో అయితే ఖాళీ ఇన్‌పుట్‌కు నిలకడే ఉండదు, రెసిస్టర్లు తప్పనిసరి. అక్కడ పది కిలో ఓమ్‌లు పెట్టొచ్చు. ఇంకో జాగ్రత్త: 4011లో కూడా నాలుగు నాండ్ గేట్లే ఉన్నా పిన్నుల వరస వేరు. దానిలో రెండో గేట్‌కు ఇన్‌పుట్లు 5, 6, అవుట్‌పుట్ 4. 7400 బొమ్మ చూసి 4011ను గుచ్చితే లాచ్ కుదరదు.

లాచ్ పనిచేస్తోందో లేదో తేల్చుకోవడానికి చిన్న పరీక్ష ఉంది. స్విచ్ తీసేసి, గ్రౌండ్‌కు కలిపిన ఒక వైరు ముక్కను చేత్తో పట్టుకుని 5వ పిన్నుకు చేరిన తీగను టకటకా పదిసార్లు తాకించండి. లెక్క ఒక్కటే పెరగాలి. తర్వాత అదే వైరుతో 1వ పిన్ను తీగను ఒకసారి తాకి, మళ్లీ 5 దగ్గరికి రండి. ఇంకొకటి పెరగాలి. మొదటి పరీక్షలోనే లెక్క పరుగెడితే 3 నుంచి 4కు వెళ్లే అడ్డ వైరు ఊడిందన్నమాట.

ఎప్పుడు వాడాలి

ఒక బటన్‌కు రెండు గేట్లు, మూడు తీగలు, మూడు కాళ్ల స్విచ్. బటన్లు నాలుగైతే ఈ పనికే సరిపోయే 74ఎల్‌ఎస్279 అనే ఐసీలో నాలుగు లాచ్‌లు ఒకేచోట దొరుకుతాయి. కాలేజీ ట్రైనర్ కిట్ల మీద బౌన్స్‌లెస్ పల్సర్ అని రాసి ఉండే బటన్ నుంచి కౌంటర్ ప్రయోగానికి శుభ్రమైన ఒక్కో పల్స్ రావడానికి ఇలాంటి ఏర్పాటే కారణం. వందకు పైగా మీటలున్న కీబోర్డుకు మాత్రం ఇది కుదిరే పని కాదు. అక్కడ రెండు కాళ్ల మీటలే వాడి, లోపలి మైక్రోకంట్రోలర్ ప్రోగ్రాముతో కొన్ని మిల్లీసెకన్లు ఆగి చూసి నిర్ణయిస్తారు. రెండు కాళ్ల బటన్ ఒకటే ఉంటే రెసిస్టర్, కెపాసిటర్ జంట పెట్టి, వెనక 74హెచ్‌సీ14 లాంటి ష్మిట్ ట్రిగర్ గేట్ తగిలించడమూ వాడుకలో ఉన్న పద్ధతే.

ఆ రెండు పద్ధతుల్లోనూ ఎంతసేపు ఆగాలో ముందే ఊహించాలి. తక్కువ పెడితే పాతబడిన స్విచ్ దాన్ని దాటేస్తుంది, ఎక్కువ పెడితే త్వరత్వరగా నొక్కిన నొక్కులు కలిసిపోతాయి. లాచ్‌కు ఆ ఊహ అక్కరలేదు. రేకు రెండు మిల్లీసెకన్లు కొట్టుకున్నా యాభై కొట్టుకున్నా ఫలితం ఒక్కటే, అదీ మొదటి స్పర్శ తర్వాత ఇరవై నానోసెకన్లకే. నొక్కిన క్షణమే ముఖ్యమైన చోట, స్విచ్ ఎన్నాళ్లకు ఎంత అరుగుతుందో తెలియని చోట, మూడో తీగకు చోటున్నప్పుడు రెండు నాండ్ గేట్లే మేలైన బేరం.